తీర్మానాలు లేని ఆదివారం

ఆదివారం రాత్రి, 2001. పుంగనూరు.

గెలిచాను! ఈరోజు నా భార్య రేణుక మాటల మధ్యలో లేచి వెళ్లిపోలేదు.

వారానికోసారి ఆలుమగలు కూర్చుని మనసులో మాట చెప్పుకోవాలని ఏదో కరపత్రంలో చదివి, పెళ్లైన కొత్తలో నేనే మొదలుపెట్టాను. కానీ మా కులనిర్మూలన సంఘం మీటింగులా నోటుబుక్కు తెరిచి, ఆమె తప్పులకు నంబర్లు వేసి తీర్మానాలు రాస్తూ వచ్చాను. పోయిన వారం అనేసింది: "ఇది సంసారమా, పంచాయితీనా? ఇంకోసారి ఇట్లయితే నేను కూసోను."

ఈ సాయంత్రం బుక్కు తీయలేదు. ఈమధ్య నాకు జ్వరమొస్తే రెండు రాత్రులు నా పక్కన మేలుకుంది కదా, ముందు ఆ మాట చెప్పాను. తర్వాత చెరొక బాధ, ఒక్కటే చెప్పుకుందామన్నాను. ముందు రేణుక మొదలుపెట్టింది:

"సోమలలో మా పుట్టింట్లో, మా నాయనతో కులం గురించి వాదిస్తా వాదిస్తా అన్నం ముందర నుంచి లేసిపోతివి. నాకు తలకాయ కొట్టేసినట్లాయె."

నెత్తురు ఉడికింది. "పది నిమిషాలాగు, వస్తా" అని వీధి చివరిదాకా నడిచి వచ్చాను. జవాబు చెప్పకుండా, విన్నదే తిరిగి అడిగాను: "మీ నాయనతో వాదించినానని బాధ. అంతేనా?"

"కాదప్పా! వాదించుకో. కంచం ఇడిసి లేసినావే, అది."

ఇన్నాళ్లూ నేను వేరే తప్పుకు సంజాయిషీ వెతుకుతున్నాను!

"ఈసారి ఏం చేయమంటావు?"

"తిని, చెయ్యి కడుక్కోని కొట్లాడు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో నా వంతు బాధ చెప్పడం మరిచేపోయాను. మామ మళ్లీ కులం మాటెత్తితే కంచం ముందు కూర్చోగలనా... తెలియదు.

పడుకోబోతూ తనే అంది: "వచ్చే ఆదివారం యాడికీ పోవద్దు. నీతో ఇంకోటి చెప్పాల్సిందుండాది."