అమ్మకి రాసిన క్షేమం

మంగళవారం, రాత్రి

చిరాకుగా ఉంది. నాలుగో రోజు కూడా సరిగ్గా రాయలేకపోయాను. రోజూ పావుగంట అమ్మ పోయిన సంగతే రాయమని, తప్పులు చూసుకోవద్దని, ఎవరికీ చూపించక్కర్లేదని విజయనగరంలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి పద్మ చెప్పింది. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ ఎవరైనా ఆమె మాట ఎత్తితే లేచి బయటికెళ్ళిపోతాను.

ఈరోజు అమ్మకే ఉత్తరం రాయమంది పద్మ. చెయ్యి దానంతట అదే బడిలో నేర్చింది రాసేసింది: ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. సిగ్గేసి పద్మకి ఫోన్ చేశాను.

"సచ్చిపోయినోళ్ళకి క్షేమమేటి నాన్నా!" అని నవ్వేసింది. వెంటనే తగ్గి, "కొట్టేయకు. ఇక్కడ నువ్వే క్షేమంగా నేవని దాని కిందే రాయి," అంది.

"ఏటి రాయాలే?"

"ఆ రోజు ఏటయిందో అదే."

రాశాను. ఆ రోజు నన్ను వేరుశనగ చేనికి కాకుల కాపలాకి పంపారు. తిరిగొచ్చేసరికి అమ్మను శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. పంపిన పెద్దల మీదే కోపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాగితం మీద మాత్రం, అమ్మా, నీ మీదే నాకు కోపం అని పడింది. ఆ తర్వాత ఏమీ తోచలేదు. తోచకపోతే కలం ఎత్తకుండా ఆఖరి మాటే మళ్ళీ మళ్ళీ రాయాలట. పేజీ అంతా కోపం, కోపం అని నింపాను.

మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది. రాసిన కాసేపు అలాగే ఉంటుందని పద్మ ముందే చెప్పింది. చెబితే మాత్రం ఏం లాభం?

అయినా అమ్మ పోయాక ఆమెతో నేను నిజంగా అన్న మాట ఇదొక్కటే.