తాత నాడె పక్కన పెట్టిన కార్డు

రుక్కీ,

అన్నం గిన్నెల ఉన్నది, తిని పో. నేను బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోతున్న.

మగ్గంల పోగు పట్టుకొని అటు ఇటు ఉరికే తాత నాడె అడగకుంట తీస్కపోయినవ్. బడి మ్యూజియంల పెట్టినవని నీ దోస్తు శాంత చెప్పేదాక ఇల్లంత ఎతికినం. పొద్దుగాల సంది మగ్గం ఆగింది. రెండో నాడె మొన ఇరిగింది, దాంతోని నేస్తే పోగులు తెగుతున్నయ్.

రెండు గంటలకు అవతలి బడి పిల్లలు చూడ వస్తరు గద. నువ్వు వాళ్లకు చెప్పుడు అయినంక మీ టీచర్ బాయిని అడుగు. రిజిస్టర్ల నీ పేరు ముంగట వాపస్ అని రాసి, సంతకం పెట్టి తీస్కరా. పిల్లలు చేతుల పట్టుకొని చూస్తరు, మొనలు గుచ్చుకుంటయని ముందే చెప్పు. కన్నంలకెల్లి దారం నోటితోని పీల్చి తీస్తరని చెప్పు, చేసి చూపకు.

ఇంకోటి. నాడె పక్కన పెట్టిన కార్డు మీద రాసింది నీ రాసుకునే వహీల చూసిన. "పాతకాలపు వస్తువు. ఇప్పుడు ఎవరూ వాడరు." మరి నిన్నటిదాక నీ పక్కన టక్ టక్ అన్నది ఏందే?

అమ్మ

చీటీ మడుస్తుంటె తాత వచ్చిండు. నాడె శనివారం దాక అక్కడనే ఉండనీ అన్నడు. "ఖాళీ నాడె చూపితే పోరగాండ్లకు ఏం తెలుస్తది" అని నాడె లోపట పెట్టే కండెకు ఎర్రదారం చుట్టి గూట్ల పెట్టిండు, తీస్కపో. రెండింటికి తనూ వస్తడంట, ఉతికిన ధోతి కట్టుకున్నడు. కార్డు సంగతి ఆయనకు చెప్పలే. ఉరికిపోయి ముందుగాల అది మార్చు.