ఆహ్వానపత్రంలో బాపు పేరు

ఫిబ్రవరి 2, సోమవారం

ప్రియమైన సమతా,

ఈ ఉదయం పదీ ఇరవైకి పంచాయతీ ఆఫీసులో మీ బాపు మా బాపును "అరే సామేలుగా, గా కుర్చీ ఇటు తే" అన్నాడు. నేను సర్పంచ్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. మా బాపు కుర్చీ తెచ్చి వేశాడు.

అంతకు నిమిషం ముందు మీ బాపు నాతో అన్న మాట కూడా రాస్తున్నాను, నువ్వు విలేకరివి కాబట్టి. "సర్పంచ్ గారూ, ఈడ సంతకం పెట్టు." గారు అన్న నోరు "పెట్టుండ్రి" అనాలి. ఆయన గారు కుర్చీకి ఇచ్చాడు, "పెట్టు" నాకు ఇచ్చాడు. నాకు నవ్వొచ్చింది. నా సంగతి వదిలెయ్. నలభై ఆరు ఓట్ల తేడాతో గెలిచి రెండు నెలలు కాలేదు, నేర్చుకుంటారు.

మా బాపుకు అరవై తొమ్మిదేళ్లు. అంగన్‌వాడీకి రోడ్డు పక్క నాలుగు గుంటలు రాసిచ్చింది ఆయన. భవనం పూర్తయింది, పందొమ్మిదిన ప్రారంభం. కమిటీకి పెద్ద మీ బాపే. ఆ పని మీదే ఇద్దరూ వచ్చారు.

ఇంటికొచ్చాక అడిగాను. "అలవాటే బిడ్డా" అన్నాడు. నిన్న చర్చిలో పాస్టర్ గారు "ఇప్పుడు పెద్దలు సాముయేలు గారు ప్రార్థన చేస్తారు" అని పిలిస్తే లేచి నిలబడ్డది ఈ మనిషే. చర్చికీ పంచాయతీ ఆఫీసుకూ మధ్య రెండు వందల అడుగులు లేవు.

నాకు ఒక్కటే కావాలి సమతా. ఆ రోజు మైకులో "సాముయేలు గారు" అని పిలవాలి, బాపు ముందుకొచ్చి రిబ్బన్ కత్తిరించాలి. ఆహ్వానపత్రం నువ్వు రాసిపెట్టు. పేర్ల జాబితా వెనక ఉంది. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. అందుకే పాండన్న ఆటోలో ఉత్తరం పంపుతున్నాను.

నీ హాస్టల్ గది సగభాగం,
ప్రేమ

*

ఫిబ్రవరి 4, మొయినాబాద్

ప్రియమైన సర్పంచ్ గారూ,

కోప్పడకు, ఒక్కసారి రాసి చూసుకున్నాను. నీకు రాస్తే వెక్కిరింతలా ఉంది. దగ్గరివాళ్ల మధ్య గారు వస్తే ఇద్దరికీ మధ్య ఎవరో కుర్చీ వేసి కూర్చున్నట్టు ఉంటుంది. కొట్టేశాననుకో. ప్రియమైన ప్రేమా.

పాండన్న ఉత్తరం ఇస్తూ "మీ సర్పంచక్క ఇచ్చింది, జర జల్దీ జవాబు రాయమన్నది" అన్నాడు. చూశావా, మన దగ్గర అక్క అంటే చాలు, గారు అక్కర్లేదు. అన్న, అక్క, సారు, పటేలా, వీటితోనే మర్యాద నడిచిపోతుంది. గారు బయటికొచ్చేది మైకు ముందు, కార్డు మీద, దరఖాస్తులో. అందుకే అక్కడ లేకపోతే అందరికీ కనిపిస్తుంది.

బాపుకు ఫోన్ చేశాను. ఆయన జవాబు ఉన్నదున్నట్టు:

"సామేలుకు గారు అంటే ఆయనకే సిగ్గైతది. చిన్నప్పటి సంది కలిసి బర్లు కాసినం. దోస్తును పేరు పెట్టి పిల్వద్దా?"

"మరి ఆయన నిన్ను కిష్టయ్యగా అంటడా?" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే అమ్మ ఎత్తింది. "మీ బాపు పొలానికి పోయిండు" అంది. వెనక ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఆహ్వానపత్రం రాసేశాను. చిల్కూరు వార్త పంపాల్సిన తొందరలో అయినా శ్రద్ధగానే రాశాను. అక్షరం తప్పు పోలేదు. పంచాయతీ కార్యదర్శి అరుణ్‌కు ఫోన్లో పంపాను, ఆయన చేవెళ్లలో అచ్చు వేయిస్తాడు. నీ పేరు చివర "ఇట్లు" కింద గారు లేకుండా ఉంటుంది. పిలిచేవాళ్లు తమ పేరుకు తాము గారు పెట్టుకోరు కదా. ఎవరైనా నవ్వితే ఆ మాట చెప్పు.

పందొమ్మిదిన నేను విలేకరిగా రాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను.

నీ మిగతా సగం,
సమత

*

ఫిబ్రవరి 10, మంగళవారం

గౌరవనీయులైన సమత గారికి,

ఈ మధ్యాహ్నం రెండు గంటలకు ఆహ్వానపత్రాలు వచ్చాయి. మూడు వందలు. అందులో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ముఖ్య అతిథి శాసనసభ్యులు, గారు ఉంది. తహసీల్దార్ గారు. మాజీ సర్పంచ్ శ్రీ కృష్ణయ్య గారు, అంటే మీ నాన్నగారు. టెంటు, కుర్చీలు ఉచితంగా ఇస్తున్న శ్రీ హన్మంతు గారు. ఆ కింద: "స్థలదాత: సాముయేలు." ముందు శ్రీ లేదు, వెనక గారు లేదు. అందరి మధ్యలో మా నాన్నగారి పేరు చెప్పుల్లేకుండా నిలబడ్డట్టు ఉంది.

ఆయన గుమ్మంలో నిలబడి, కళ్లజోడు లేకుండానే మొత్తం చదివారు. మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. "ప్రారంభానికి నేను రాను బిడ్డా. నాకు పొలంల పనున్నది" అన్నారు. మా అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. ఆయన రాని చోట రిబ్బన్ ఎవరు కత్తిరించినా నేను పక్కన నిలబడను.

మీరు రాసిచ్చిన పత్రంలో ఇలా జరిగింది. మీ నాన్నగారికి తెలియకుండా జరిగిందని నేను అనుకోవడం లేదు. మీకు తెలియకుండా జరిగిందని అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

నమస్కారాలతో,
ప్రేమజ్యోతి,
సర్పంచ్

*

ఫిబ్రవరి 12, గురువారం, మొయినాబాద్

ప్రేమా,

తప్పు నాది. మీ బాపు పేరును ఒట్టిగా రాసింది నేను.

నీ ఉత్తరంలో మొదటి వరుస దాటడానికి నాకు పది నిమిషాలు పట్టింది. హాస్టల్ రోజుల నుంచి నువ్వు నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ గారుతో సమానం కావు. నిన్న సెలవు పెట్టి చేవెళ్ల వెళ్లాను. జరిగింది ఇది.

పేపర్లో మేం ఎవరి పేరుకూ గారు రాయం. మంత్రి అయినా పేరు ఒట్టిదే. మర్యాద క్రియలో ఉంటుంది, "అన్నారు", "వచ్చారు" అని. దొంగతనం కేసులో దొరికినవాడికి మాత్రం "అన్నాడు". పదకొండేళ్లుగా అలా రాసి రాసి, నీ పత్రంలో కూడా పేర్లన్నీ గారు లేకుండానే పెట్టాను. పత్రం వార్త కాదు, పిలుపు అని నాకు గుర్తు రాలేదు.

అచ్చు వేసేచోట ఆ కాగితం చూసి "గిదేంది, ఎమ్మెల్యేకు గారు లేదా?" అని అడిగారట. అరుణ్ అక్కడే నిలబడి పెన్నుతో గారు పెట్టుకుంటూ పోయాడు. ఎమ్మెల్యేకు పెట్టాడు, తహసీల్దార్‌కు పెట్టాడు, మా బాపుకు పెట్టాడు, హన్మంతుకు పెట్టాడు. అడిగాను.

"మరి సాముయేలు పేరుకు?"

"మేడం, నాకు తట్టనే తట్టలేదు. ఊర్ల అందరు సామేలు సామేలు అంటరు గద."

అబద్ధం చెప్పినట్టు లేదు. అదే నాకు భయం వేసింది. మా బాపు ఆ కాగితం చూడలేదు. చూడాల్సిన పని లేకుండానే ముప్పై ఏళ్ల ముందే ఊరికి ఆ పిలుపు నేర్పేశాడు. ఈ మాట ఆయనకే చెప్పాను. కోపం వచ్చింది, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఇప్పుడేం జెయ్యమంటవ్? కొత్త కార్డులు కొట్టియ్."

"కొట్టిస్తున్న. కానీ స్థలదాతకు కార్డు పిల్లలతోని పంపరు. కమిటీ పెద్ద ఇంటికి పోయి పిలవాలె. మన బావ పెండ్లి కార్డు గిట్లనే పిల్లలతోని పంపితే నువ్వు పోయినవా?"

చివరికి, "పోత. కార్డు ఇస్త. అంతే. కార్డు మీద ఏమున్నా నా నోట్ల నుంచి గారు రమ్మంటే రాదు, ముందే చెప్తున్న" అన్నాడు.

అంతవరకే సాధించగలిగాను. కొత్త కార్డులు శనివారం వస్తాయి. ఈసారి ప్రతి పేరూ నేను అచ్చు చోట నిలబడి చూస్తాను. ఆదివారం మీ చర్చి అయ్యాక మా బాపు వస్తాడు. ఇది నీ బాపుకు ముందే చెప్పాలా వద్దా, నీ ఇష్టం.

జవాబు రాయకపోయినా సరే. రాస్తే మాత్రం పైన గారు రాయకు.

సమత

*

ఫిబ్రవరి 15, ఆదివారం

ఒసేయ్ సమతా,

ఈ మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మీ బాపు మా వాకిట్లో నిలబడి "శ్రీ సాముయేలు గారు" అన్నాడు. నేను విన్నాను, అమ్మ విన్నది, పక్కింటి కృష్ణమ్మ గోడ మీంచి విన్నది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

మొదటి నుంచి చెప్తాను. బాపుకు నేను ముందే చెప్పాను. చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. మీ బాపు వచ్చాడు, కుర్చీ నేను వేశాను. కార్డు చాపి "ఇగో" అన్నాడు. అంతే. లేవబోయాడు.

బాపు కార్డు అందుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "కండ్లు ఆనుతలేవు పటేలా. జర చదివి పెట్టుండ్రి" అన్నాడు.

"ప్రేమజ్యోతి చదువుతది తియ్."

"పిలవనీకి వచ్చింది మీరు గద."

మీ బాపు చదవడం మొదలుపెట్టాడు. ఎమ్మెల్యే గారు, తహసీల్దార్ గారు, గడగడా పోతున్నాడు. తన పేరుకు కూడా గారు చదువుకున్నాడు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హన్మంతు గారు అయింది. "స్థలదాత శ్రీ సాముయేలు" అని ఆగిపోయాడు.

బాపు తల కొంచెం ముందుకు వంచాడు. "ఆగిన్రేంది పటేలా? గంతేనా ఉన్నది?"

అబద్ధం చెప్పడానికి లేదు. పక్కన నేనున్నాను, నాకు చదువొచ్చు. కృష్ణమ్మ గోడ మీద ఇంకొంచెం పైకి లేచింది.

"గారు" అన్నాడు. చిన్నగా.

"చెవులు గూడ మందగించినయి" అన్నాడు బాపు.

అప్పుడు గట్టిగా, మొత్తం కలిపి అన్నాడు. శ్రీ సాముయేలు గారు. అన్నాక తనే కొంచెం ఆశ్చర్యపోయినట్టు కార్డు వైపు చూశాడు. మా అమ్మ టీ తెచ్చింది. తాగాడు. ఆయన మా ఇంట్లో టీ తాగడం నేను చూడడం ఇదే మొదటిసారి. కప్పు పెట్టేసి, బాపు ముఖం చూడకుండా, "గురువారం పదిన్నరకు. రాండ్రి" అన్నాడు. రా కాదు సమతా. రాండ్రి. అది కార్డులో లేదు.

బాపు లేచి వాకిలి దాకా సాగనంపాడు. రెండు చేతులూ జోడించాడు.

"వస్త, కృష్ణయ్య గారూ."

పటేలా అనలేదు. అరవై ఏళ్లలో మొదటిసారి. మీ బాపు ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు. కోప్పడతాడనుకున్నాను. "సరే సరే" అన్నాడు, తొడుక్కున్నాడు, వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక బాపు లోపలికొచ్చి, బైబిల్లోంచి పాత కార్డు తీసి కొత్తదాని పక్కన పెట్టి, రెండూ చదువుకున్నాడు. కళ్లజోడు లేకుండా. "నీకు కండ్లు బాగనే ఆనుతున్నయి గద బాపూ" అన్నాను. "నాకు ఆనుతయి బిడ్డా. ఆయనకే ఆనలేదు ఇన్నేండ్లు" అన్నాడు.

పోయినసారి ఉత్తరం మీద రాసిన గారును క్షమించు. అది నీ మీద పడాల్సింది కాదు.

ఇక కార్యక్రమం. గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు టెంటు. పది ఇరవైకి అతిథులు. పదిన్నరకు స్వాగతం, వేదిక మీదికి పేర్లు పిలిచేది కమిటీ పెద్ద హోదాలో మీ బాపు. వరుసలో ఐదో పేరు మా బాపుది. మీ బాపు చేతిలో కార్డు ఉండదు, మైకు మాత్రమే ఉంటుంది. నీ కుర్చీ ముందు వరసలో ఎడమ నుంచి రెండోది. మొదటి బస్సుకే రా.

నీ సగభాగం,
ప్రేమ