తాడంకి వారి రెండు ఖాళీ రాళ్లు

బందరు చిలకలపూడి కాపురస్థుడను, ‘తాడంకి అండ్ సన్స్’ రోల్డుగోల్డు కంపెనీ యజమానిని, రాజారత్నం అను నేను స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయించాను. నా బుద్ధి గురించి తమ్ముడు గంగరాజు వేరేగా చెబుతాడు. అతని మాట చెల్లదు.

1. నాన్నగారు పోయాక ఆయన భాగస్వామ్య కంపెనీని అన్నదమ్ములం ముగ్గురం రద్దు చేసుకున్నాం. బంగారు రేకు అతికించిన రాగిపలకను కింది అచ్చు మీద పరిచి, పై అచ్చు దించి, ప్రెస్సుతో నొక్కితేనే చెవికమ్మ తయారవుతుంది. పై అచ్చులు నాకు, ప్రెస్సు గంగరాజుకు, కింది అచ్చులు చిన్నవాడు ఆనందరావుకు వచ్చాయి. ఇంత సమంగా పంచిన పంపకం చూడలేదని పెద్దమనుషులు మెచ్చుకుని, కాఫీ తాగి వెళ్లారు.

2. రద్దు పత్రం ప్రకారం ఉత్త ‘తాడంకి’ ఎవరూ వాడకూడదు, కంపెనీకి తగ్గ ఏదో ఒక మాట చేర్చుకోవాలి. ఉత్త పేరు ఎక్కడ వాడాలన్నా మూడు వాటాల సంతకాలూ కావాలి. అందుకని కొడుకులు లేని నేను ‘అండ్ సన్స్’ అయ్యాను. గుడివాడలో ఒక్కడే కూర్చున్న గంగరాజు ‘తాడంకి బ్రదర్స్’. నాగాయలంకలో అందరికన్నా చిన్నవాడు ‘ఒరిజినల్ తాడంకి’.

ప్రెస్సు కదిలించలేనిది కనక, నెలనెలా ముగ్గురం మా షెడ్డులోనే కలిసి సరుకు తీసేవాళ్లం. మాటల్లేవు. నేను పక్కనే ఉన్నా, గంగరాజు మా పనివాడితో, “మజీదూ, ఆయన్ని చెయ్యి తియ్యమనవయ్యా, ప్రెస్సు దించుతున్నా” అనేవాడు. అవే కమ్మలు మూడు రకాల డబ్బాల్లోకి వెళ్లేవి. మూడింటి మీదా ‘నకిలీలను చూసి మోసపోకండి’ అని ఉండేది.

3. నిరుడు ఉప్పెనలో ఆనందరావు పోయాడు. బరువుకు అచ్చుల పెట్టె మాత్రం కదల్లేదు. అతని భార్య దేవమ్మ ఆ పెట్టెతో బస్సెక్కి వచ్చి, అతని చోట కూర్చుని పని చేస్తోంది. సమాధి రాయి మీద ఉత్త ‘తాడంకి ఆనందరావు’ అని చెక్కించాలని ఆమె కోరిక. నేను సంతకం పెట్టాను. గంగరాజు పెట్టలేదు. “కంపెనీ పేరు రాళ్ల మీద ఎలా వేస్తారండీ?” అన్నాడట. రాయి ఖాళీగానే ఉంది. నాకు ఏడుపొస్తుంది.

4. ఇల్లు, షెడ్డు, కంపెనీ, ‘అండ్ సన్స్’ బోర్డు నా కూతురు దయామణికి. అల్లుడు కొత్త అచ్చుల జత చేయిస్తానంటున్నాడు. వీల్లేదు. ఎవరి జత వాళ్లకుంటే ఇక ఎవరూ ఎవరి ముఖమూ చూడరు.

5. పై అచ్చులు దేవమ్మకు. ప్రెస్సు ఉన్నవాడు ఇక ఆమెను అడగాల్సిందే.

6. గంగరాజుకు నా ఉన్ని మఫ్లరు. ప్రెస్సు తిప్పితే అతనికి మెడ పట్టేస్తుంది.

7. మజీదుకు ఏమీ రాయలేదు. రాస్తే అతని సాక్ష్యం చిక్కుల్లో పడుతుందని ప్లీడరు గారన్నారు. నా గొడుగు నిన్ననే చేతికిచ్చేశాను.

8. నన్ను ఆనందరావు పక్కన పెట్టండి. నా రాయి మీదా ఉత్త పేరే ఉండాలి. గంగరాజు సంతకం పెట్టేదాకా రెండు రాళ్లూ ఖాళీగానే ఉంచండి.

గంగరాజూ, రేపు నీ రాయికి సంతకాలు పెట్టాల్సింది దేవమ్మ, దయామణి. నువ్వు మాకు పెట్టినా పెట్టకపోయినా, నీకు పెట్టేయమని ఇద్దరికీ చెప్పి ఉంచాను.

దీన్ని అమలు జరపవలసినవారు: ప్లీడరు కోటేశ్వరరావు గారు.

చిలకలపూడి, 1978 డిసెంబరు 4.

(సంతకం) రాజారత్నం. రద్దు పత్రం ప్రకారం ఇంటిపేరు వేయలేదు.

సాక్షులు: మజీద్ (ప్రెస్సు పనివాడు), ఎస్తేరు (నర్సు).