ఆదివారం దాకా ఆపిన పోస్టు

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్నే ఆశ్చర్యం. కాలనీ ఫేస్‌బుక్ గ్రూపు అడ్మిన్ రాజేశం సార్ ఇంటికొచ్చి నన్ను మోడరేటర్‌ను చేశారు. "డిగ్రీల తెలుగు సదువుతున్నవ్ గద బిడ్డా, రూల్స్ నువ్వే రాయి. నేను రాస్తే తిట్లే వస్తయి."

మధ్యాహ్నమంతా అదే పని. 'నిషేధం' కొట్టేసి 'వద్దు' అని రాశాను. చిన్న మాట. ఎంత గట్టిగా నిలబడిందో!

అమ్మకాలు, పనుల ప్రకటనలు ఆదివారమే; ధర రాయాలి. ఫార్వర్డులు వద్దు, కళ్లారా చూసిందే సొంత మాటల్లో రాయాలి. వాదించొచ్చు కానీ కులం, మతం, ఇంటివాళ్ల ఊసు వద్దు. ఏ పోస్టయినా మేం చూసి అనుమతించాకే కనిపిస్తుంది.

సార్ తన పేరుతో పెట్టి, పైన పిన్ చేశారు.

నవంబర్ 10, సోమవారం

గుడ్ మార్నింగ్ పూల ఫొటోలన్నీ ఆపేశాను. పచ్చళ్లమ్మే సుజాతక్క ఫోన్ — "ఆదివారం దాక నా తొక్కు ఏం జెయ్యాలె? నీ రూలు నంజుకొని తినాల్నా?" నవ్వాను. ఒప్పుకోలేదు.

నవంబర్ 11, మంగళవారం

పోయిన వారం గ్రూపులో చేరిన దత్తు పోస్టు. బోథ్ నుంచి బండి మీద తిరుగుతూ కుక్కర్లు, స్టవ్‌లు బాగుచేస్తాడు. తన ఫొటో పెట్టి — "రేపు మీ గల్లీలకు మొదటిసారి వస్తున్న. నా మొఖం సూసి పెట్టుకోండ్రి, పరేషాన్ గాకుండ్రి." మంచి వాక్యం. కానీ ధర లేదు, ఆదివారం కాదు. నిన్న సుజాతక్కను ఆపి నేడు ఇతన్ని ఎలా...

పెండింగ్‌లోనే ఉంచాను.

నవంబర్ 12, బుధవారం

క్లాసులో ఉండగా వెనక గల్లీ శ్రీనన్న పోస్టు. "కండ్లార సూసిన. సంచి వట్టుకొని ఒకడు పిల్లల దిక్కు సూస్తుండు. ఎత్కపోయెటోడే." వెనక నుంచి తీసిన ఫొటో, తలకు హెల్మెట్. ఫార్వర్డు కాదు. సొంత మాటలు. తిట్టు లేదు. అనుమతించాను.

సాయంత్రం — ఆ ఫొటోలోని మనిషని దత్తును కట్టెలతో కొట్టారు. కుడి చెయ్యి విరిగింది. సంచిలోని కుక్కర్ రబ్బర్లు, విజిళ్లు రోడ్డంతా.

మా అవ్వ చూసి వచ్చింది. "గ్రూపుల పెట్టిన, సూడుండ్రి అని మొత్తుకున్నడు బిడ్డా. ఎవలో ఫోన్ల సూసిండ్రు. లేదు."

లేదు. నా దగ్గర ఉంది.

నవంబర్ 13, గురువారం

శ్రీనన్నను అడిగాను, నిజంగా చూశావా అని. "ఫొటో ఒక్కటే నాది. పిల్లల ముచ్చట వేరే గ్రూపుల వచ్చింది. సొంత మాటల్ల రాయుమన్నది నువ్వే గదా!"

అతని పోస్టును సార్ రాత్రే తీసేశారట. ఇప్పుడు గొంతు తగ్గించి — "గా దత్తు పోస్టు సుత తీసెయ్ బిడ్డా. మనం ఆపినమని ఎవలకెరుక?"

ఠాణాలో దత్తు మాట నమ్మడం లేదట. పోస్టే పెట్టలేదు, అబద్ధమాడుతున్నాడు అంటున్నారట, కొట్టినవాళ్లు.

పెండింగ్‌లో ఇంకా ఉంది. నవ్వుతున్న ముఖం. 'తిరస్కరించు' మీదికి రెండుసార్లు పోయింది వేలు... తీసేశాను, వేలును. స్క్రీన్‌షాట్ తీశాను, పెట్టిన రోజు, సమయం కనిపిస్తున్నాయి. అనుమతిస్తే ఇప్పుడు ఎవరికి ఉపయోగం?

రేపు పొద్దున ఏడింటికి ఆస్పత్రి. అవ్వ వస్తానంది. ముందు దత్తుకు చూపించాలి, ఆపింది నేనేనని చెప్పాలి. అక్కడి నుంచి ఠాణా. సార్ లేవకముందే ఇల్లు దాటాలి.