అన్న సంవత్సరీకం పిలుపులు

28 అక్టోబర్ 1946, సోమవారం

అన్న పర్శరాములు పోయి ఏడాది కావస్తోంది. పోయింది నవంబర్ 29న కాబట్టి సంవత్సరీకం కూడా ఆ రోజే అనుకున్నాను. బాపు నవ్వినంత పని చేశాడు. "గా ఇంగ్లీషు తారీఖు నీ బడికి పనికొస్తది నర్సయ్యా. తిథి చూడాలె" అన్నాడు. అయ్యవారు పంచాంగం తిప్పి కార్తీక బహుళ దశమి అన్నారు. ఈసారి అది నవంబర్ 18, సోమవారం. నా లెక్క కంటే పదకొండు రోజులు ముందే.

ఆ రోజుతో ఇంటికి ఏడాది మైల తీరుతుంది. ఈ ఏడంతా మాకు పండుగ లేదు. మొన్న దీపావళికి వీధంతా వెలిగింది. మా గడప చీకట్లోనే ఉంది.

30 అక్టోబర్

కార్డులు అచ్చు వేయిద్దామన్నాను. అవి పెద్దోళ్లకే, మనలాంటి మగ్గం నేసుకునేటోళ్లకు ఎందుకని బాపు కొట్టేశాడు. దూరపు వాళ్లకు పోస్ట్‌కార్డులు, దగ్గరి వాళ్లకు నోటి పిలుపు.

షోలాపూర్‌లో ఉన్న చిన్నాయనకు మొదటి కార్డు రాశాను. "మా అన్న కీ.శే. పర్శరాములు ప్రథమ సంవత్సరీకం వ్యయనామ సంవత్సర కార్తీక బహుళ దశమి సోమవారం నాడు మా స్వగృహమందు జరుగును. తాము కుటుంబ సమేతంగా విచ్చేసి భోజనం చేసి వెళ్లగలరు." అలవాటు కొద్దీ పైన శుభం అని పెట్టబోయి ఆగాను. కార్డు మూలలకు పసుపు కూడా రాయలేదు. పసుపు లేని కార్డు చూడగానే అది పెళ్లిది కాదని వాళ్లకు తెలుస్తుంది.

1 నవంబర్, శుక్రవారం

నిజాం సర్కారు బడికి శుక్రవారం సెలవు. సిద్దిపేటలో ఉన్న చుట్టాల ఇళ్లన్నీ తిరిగాను. దీనికి బొట్టు పెట్టి పిలవకూడదు. గడప బయటే నిలబడి తిథి, వారం చెప్పాలి. మంచినీళ్లు ఇచ్చినా తాగకూడదు. వచ్చేటప్పుడు పోయొస్త అనకూడదు. ఊరికే తిరిగి నడవాలి. మొదటి రెండిళ్లలో నోటిదాకా వచ్చి మింగేశాను.

అందరూ ఒకటే అడిగారు. మా వదిన బాలవ్వ వచ్చిందా అని.

2 నవంబర్

రాత్రి అన్నాల దగ్గర నేనే ఎత్తాను, వదిన సంగతి ఏమిటని.

అన్నను కన్న అవ్వ ముద్ద కలపడం ఆపింది. దౌల్తాబాద్‌లో వదిన అన్న మైసయ్యను పిలవమంది. వియ్యాలవారు కాబట్టి బట్టలు తేవాలి, రాకపోతే నలుగురిలో మాట పడుతుంది. వాళ్లింటి వాళ్లతో పాటు ఆమె కూడా వస్తుంది, తింటుంది, వాళ్ల బండిలోనే పోతుంది. అంతే.

వదిన పేరు అవ్వ ఏడాదిగా పలకలేదు. నిరుడు వదిన తల్లిగారింటికి వెళితే, తీసుకురావడానికి అన్న పోయాడు. ఆ ఊళ్లో అప్పుడు గత్తర, అంటే కలరా, ఉంది. ఇద్దరూ వచ్చారు. మర్నాడు అన్నకు వాంతులు మొదలయ్యాయి, ఆ పై రోజు లేడు. పదో రోజు కాగానే మైసయ్య చెల్లెలిని తీసుకుపోయాడు. పిల్లలు లేరు. మా ఇంటి నుంచి ఎవరమూ పోయి తీసుకురాలేదు.

8 నవంబర్, శుక్రవారం

సైకిల్ మీద దౌల్తాబాద్. మోకాళ్లు పట్టేశాయి.

మైసయ్య ఇంటి బయట నిలబడి తిథి చెప్పాను. ఆయన తల ఊపాడు. వదిన వాకిట్లో రాట్నం మీద నూలు చుడుతోంది. చిక్కిపోయింది. నేను ఆమె వైపు తిరిగి, నువ్వు కూడా రావాలె వదినా, అన్నాను. అచ్చం ఇంటింటా అన్నట్టే.

రాట్నం ఆపింది.

"మా అన్నను పిలిచినవు, మంచిదే. నన్నెందుకు పిలుస్తున్నవు మర్దీ?"

నేను మైసయ్య వైపు చూశాను.

"నా పెనిమిటి సంవత్సరీకానికి నన్నే చుట్టం లెక్క పిలువచ్చినవా? నా ఇంటికి నన్ను ఎవలు పిలుస్తరు? పిలిస్తే నేను రాను. మీ అవ్వకు చెప్పు."

మైసయ్య, చెల్లె రాకపోతే మేమూ రామన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అలాగే తిరిగి నడిచాను. అక్కడ మాత్రం పోయొస్త అనాలనిపించింది.

9 నవంబర్

అవ్వకు చెప్పాను. రాకుంటే రాకపాయె అంది. బాపు మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

11 నవంబర్

క్లాసులో పిల్లలకు ఎక్కాలు చెప్తూ కూడా అదే ఆలోచన. ఆమె అన్నది నిజం. బాపును నేను పిలవలేదు. అవ్వను పిలవలేదు. ఇంటి వాళ్లకు పిలుపు ఉండదు, పని ఉంటుంది.

12 నవంబర్

అన్న స్నేహితుడు భూపతి నూలు కోసం దౌల్తాబాద్ వైపు పోతున్నాడు. వదినకు ఒక మాట చెప్పమన్నాను. రమ్మనకు అని గట్టిగా చెప్పాను. దశమి సోమవారం, గారెలకు మినుపపప్పు ఆదివారం రాత్రే నానాలి, అవ్వకు చేతుల కీళ్లు పట్టుకున్నాయి, రుబ్బలేదు. ఇంతే చెప్పమన్నాను.

భూపతి నన్ను కాసేపు చూసి, "గింతేనా?" అన్నాడు. గింతే.

ఇంట్లో చెప్పలేదు.

14 నవంబర్

బియ్యం కంట్రోల్ వల్ల చాలవని బాపు బెంగ. కొంత జొన్న గటక చేద్దామంటున్నాడు. భూపతి ఇంకా తిరిగి రాలేదు.

17 నవంబర్, ఆదివారం. సాయంత్రం

వదిన వచ్చింది. ఒక్కతే, దారిన పోయే బండి ఎక్కి. చేతిలో ట్రంకు పెట్టె.

అవ్వ గడపలో కూర్చుని ఉంది. లేవలేదు. ఎవలు పిలిచిన్రని అడిగింది.

"ఎవలు పిలువలేదత్తా. పిలిస్తే రాకపోదును."

అవ్వ ఏడాదిగా దాచుకున్నది అప్పుడు బయటకు వచ్చింది. "నీకోసం పోయే నా కొడుకు సచ్చిండు" అంది. వీధిలో వాళ్లు ఆగి చూశారు. నేను నేల చూపులు చూశాను.

వదిన పెట్టె కింద పెట్టింది. ఏడవలేదు.

"నాకోసమే వచ్చిండు. నన్ను గీ ఇంటికి తోలుకరావాలనే వచ్చిండు. మరి నేను ఇంకేడికి పోవాలె అత్తా?"

లోపల బాపు మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ మోకాళ్లు ఒక పక్కకు జరుపుకుంది. అంత సందులోంచే వదిన లోపలికి పోయింది.

కాసేపటికి వంటింట్లో చాటలో పప్పు చెరుగుతున్న చప్పుడు. అవ్వ గడపలోంచే, తల తిప్పకుండా, "ఇంకో సోలెడు పొయ్యి. షోలాపూరోళ్లు గూడ వస్తున్రు" అంది.

18 నవంబర్, సోమవారం

అయ్యవారు పొద్దున్నే వచ్చారు. అన్నకు పిల్లలు లేరు కాబట్టి తమ్ముడిగా నేనే కూర్చున్నాను. తడి పంచె, వేలికి దర్భ. నువ్వులు, నీళ్లు వదిలాను. పిండం పెట్టాను. అన్న గోత్రం, పేరు మూడుసార్లు చెప్పించారు. అయ్యవారికి బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ ఇచ్చి పంపాం. కార్తీకం కాబట్టి నీచు లేదు. గారెలు, పరమాన్నం, చింతపండు పులుసు. విస్తరి మొదట కాకులకు, తర్వాత బంతి.

వడ్డించింది వదిన. వచ్చిన వాళ్లలో ఆమెను ఎప్పుడొచ్చినవని అడిగింది ఒక్క ముసలామె. అవ్వే అందుకుని, "దాని ఇల్లు గిదే, వచ్చుడేంది" అంది.

మైసయ్య భార్యతో వచ్చాడు. భోజనాలయ్యాక బట్టలు పెట్టారు. బాపుకు పంచె, అవ్వకు చీర, నాకు కండువా. వదినకు తెల్ల చీర తెచ్చాడు. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, లోపలికి పోయి, మా మగ్గం మీద నేసిన నీలం అంచు చీర తెచ్చి వదిన చేతిలో పెట్టింది. అయ్యవారు అప్పటికే వెళ్లిపోయారు, అదీ మంచిదే అయింది.

చుట్టాలు ఒక్కొక్కరే, పోయొస్తమని చెప్పకుండా, లేచి పోయారు.

19 నవంబర్

మైసయ్య బండి కట్టి వాకిట్లో నిలబడి చెల్లెలి కోసం చూశాడు. అవ్వ ఆయనకు సద్ది మూట ఇచ్చింది.

బండిలో మైసయ్య, ఆయన భార్య మాత్రమే పోయారు.