ఫిల్మ్ మూలన పేరు

సారం,
నవంబరు 11

నాయనకు,

సుగంధి రాస్తున్నాను. మీ కంటికి శ్రమ లేకుండా పెద్ద అక్షరాలే రాస్తున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకో మీకు తెలుసు. మీకు సరిగా వినపడదని సుధ వదిన ఫోన్ స్పీకర్‌లో పెడుతుంది, నా మాట ఇల్లంతా వింటుంది. మిగతావాళ్లంతా తమిళ బడిలో చదివినవాళ్లు, ఆ ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగింది మీరొక్కరే. ఇది మీరొక్కరే చదవాలి.

శుక్రవారం రాత్రి ఆసుపత్రి స్కాన్ గదిలో డ్యూటీకి నేను ఒక్కదాన్నే ఉన్నాను. రెండు కావస్తుండగా క్యాజువాలిటీ నుంచి ఒక పెద్దాయన్ని తోసుకొచ్చారు. పేరు చంద్రన్, అరవై ఏడేళ్లు, సోలై నగర్‌లో పడవ ఉన్నాయన. ఎడమ నడుము నుంచి గజ్జల దాకా నొప్పి, చెమటలు. రెండున్నరేళ్ల క్రితం కిడ్నీలో రాయి ఉందని స్కాన్ తీశారట. ఇంకేం, మళ్లీ రాయే అనుకుని డ్యూటీ డాక్టర్ గుణశేఖర్ రాళ్ల స్కాన్ రాశాడు. అంటే నరానికి మందు ఎక్కించకుండా ఉత్తగా తీసేది. కొడుకు విమల్ పాత ఫిల్ములున్న పసుపు కవరు చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పెద్దాయన నాతో జోకులేస్తున్నాడు. "బిరీన కానీమ్మా, మా కోడలికి ఈ నెలలోనే కాన్పు. నేను లేకపోతే ఆ పిల్లకు పేరెవరు పెడతారు?" అన్నాడు.

చేతులు తలపైకి పెట్టించి, ఊపిరి బిగబట్టమని, తీశాను. బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. కిడ్నీ ఉబ్బలేదు. మూత్రం దిగే గొట్టంలో రాయి లేదు. పాత చిన్న రాయి కిడ్నీ అడుగున కదలకుండా కూర్చుంది, అది ఇంత నొప్పి పెట్టదు. ఇంకో నాలుగు బొమ్మలు కిందికి వెళ్లేసరికి నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. వెన్నెముకకు ముందు దిగే పెద్ద రక్తనాళం బొటనవేలంత ఉండాలి కదా. అది బత్తాయి పండంత ఉంది. కొలిస్తే ఆరు పాయింట్ తొమ్మిది సెంటీమీటర్లు. చుట్టూ సున్నం గీతలాగా తెల్లటి అంచు, ఒకచోట ఆ అంచు తెగిపోయి ఉంది. అక్కడి నుంచి ఎడమ వైపు, వెనకాల కండ మీదికి మసకగా ఏదో పాకింది. నీళ్లయితే అంత తెల్లగా ఉండవు, రక్తమే. నాళం ఉబ్బి, పగిలి, కారుతోంది. వెనకనున్న కండా కొవ్వూ అదిమి పట్టాయి కాబట్టి ఆయనింకా జోకులేస్తున్నాడు.

రెండూ పదమూడుకు గుణశేఖర్‌కు ఫోన్ చేశాను. ఉబ్బిన నాళం, కొలత, ఎడమ పక్క రక్తం, అన్నీ చెప్పాను. "నువ్వు బొమ్మలు తీసేదానివా, చదివేదానివా? నొప్పికి ఇంజెక్షన్ వేశాను, వార్డుకు పంపు. రిపోర్ట్ పొద్దున వస్తుంది" అన్నాడు. నేను పంపలేదు. ఆయన్ని బల్ల మీద నుంచి కదపనివ్వలేదు. మళ్లీ చేశాను, కట్ చేశాడు. రెండూ ఇరవైకి, నాకు ఆ హక్కు లేకపోయినా, స్కాన్లు చదివే పెద్ద డాక్టర్ త్యాగరాజన్‌ను ఇంట్లో నిద్ర లేపాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఈసారి ఎత్తి, ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. "కారుతోంది. కూర్చోబెట్టొద్దు. రెండు చేతులకూ లావు సూదులు, రక్తం గ్రూపు చూడమను. సెలైన్ ఇష్టమొచ్చినట్టు ఎక్కించి బీపీ పెంచొద్దని చెప్పు, గడ్డ కదిలిపోతుంది. రక్తనాళాల సర్జన్ మనకు లేడు, పెద్దాసుపత్రికి నేను మాట్లాడతా" అన్నాడు. ఫోన్ పెట్టేముందు ఆయన చెప్పింది ఆయనకే తిరిగి చెప్పి సరిచూసుకున్నాను. పుస్తకంలో టైము, ఎవరికి చెప్పానో, ఏం చెప్పానో రాశాను. మీరు నేర్పినట్టే.

అంబులెన్స్ మూడుకు వచ్చింది. స్ట్రెచర్ మీదికి మారుస్తుండగా పెద్దాయన "అమ్మా, కళ్లు తిరగతండాయి" అన్నాడు. పొట్ట కళ్లముందే పొంగింది. మూడూ పదికల్లా అంతా అయిపోయింది.

పొద్దున ఆ పసుపు కవరు బల్ల కింద పడి ఉంటే తీశాను. పాత ఫిల్మును లైటు మీద పెట్టాను. నాయనా, అది అప్పటికే ఉంది. ఐదున్నర సెంటీమీటర్లు. పగలకముందే ఆపరేషన్‌కు పంపే కొలత అది. రిపోర్టులో మాత్రం "ఎడమ కిడ్నీలో చిన్న రాయి" అని ఒక్క ముక్క. సంతకం పెట్టిన డాక్టర్ ఎక్కడో వేరే ఊళ్లో కూర్చుని చదివినాయన, మన విల్లియనూరు స్కాన్ సెంటర్ మూశాక ఆయన ఆచూకీ లేదు. ఫిల్ము మూలన తేదీ 2022 మార్చి 16. స్కాన్ తీసిన ఆపరేటర్ పేరు సౌందరరాజన్.

మీ పేరు.

ఆ సెంటర్‌లోనే కదా మీ దగ్గర నాకు చెయ్యి తిరిగింది. "డాక్టరు అడిగింది వెతుకుతాడు. మనం ఉండేదంతా చూడాల. చూసినాక నోరు మూసుకుంటే మనమే చంపినట్టు" అని నాకు చెప్పిన మనిషి మీరే కదా. మీకు కనపడలేదా? కనపడినా ఓనరుకు భయపడ్డారా? విమల్ గేటు దగ్గర నన్ను పట్టుకుని, "అక్కా, ముందే తెలిసుండే పనేనా ఇది?" అని ఏడ్చాడు. అవునన్నాను. తీసిందెవరని అడిగాడు. చెప్పాను, ఊరూ చెప్పాను, ఆ కవరూ అతని చేతికిచ్చాను. దాచడం నా వల్ల కాలేదు. మీ కూతురినని చెప్పుకోవడానికి మొదటిసారి సిగ్గేసింది.

జవాబు రాయండి. నిజం రాయండి.

సుగంధి

---

విల్లియనూరు,
నవంబరు 19

సుగంధికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. విమల్ మంగళవారమే వచ్చాడు. అందుకని ఏం జరిగిందో నాకు అతని నోటి నుంచే తెలిసింది.

నేను వాకిట్లో కూర్చుని మీ అన్న మణికంఠన్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అతను బండి ఆపి, కవరు లోంచి ఫిల్ము తీసి నా ముందు పట్టుకుని, "ఇది తీసింది నువ్వేనా పెద్దాయనా?" అన్నాడు. పేరు చూశాను. తేదీ చూశాను. తేదీ మరోసారి చూశాను. "నేనే" అన్నాను. అతను నన్ను కొట్టలేదు. ఫిల్మును నా మొహాన విసిరి, "మా అప్పను, కన్న తండ్రిని మింగేసి ఈడ లెక్కలు నేర్పిస్తా ఉండావా" అని వీధంతా వినపడేలా అరిచాడు. మీ వదిన పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసింది. ఆ రోజు నుంచి వాళ్లు నా దగ్గరికి రావడం లేదు. కాఫీ మెట్టు మీద పెట్టి వెళుతున్నారు. మణికంఠన్ రెండే మాటలన్నాడు, "ఏంది నాయనా ఇది" అని.

ఇది నాతోనే కాటికి తీసుకుపోదామనుకున్నాను. నువ్వు ఆ సిగ్గు మాట రాయకుండా ఉంటే తీసుకుపోయేవాణ్ణి కూడా. కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. నిజం రాయమన్నావు కదా, రాస్తున్నాను.

ఆ ఏడు మార్చి 9న నాకు కంటి ఆపరేషన్ అయింది. ఇరవై రోజులు ఇంటి గడప దాటలేదు. సెలవు పెడితే ఓనరు వేరే మనిషిని పెట్టుకుంటాడని భయం. నువ్వు అప్పుడే డిప్లొమా ముగించి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నావు. నా కుర్చీలో నువ్వు కూర్చున్నావు. మెషిన్ నా పేరుతో, నా పాస్‌వర్డ్‌తో తెరిచావు. ఊళ్లో అందరం అలాగే చేసేవాళ్లం, ఎవరూ తప్పనుకోలేదు. పదహారో తేదీ తీసినవన్నీ నువ్వు తీసినవే. రోజుకు పాతిక, ముప్పై స్కాన్లు. నీకెలా గుర్తుంటుంది?

నువ్వు చూడలేదో, చూసి తెలియలేదో నేను అడగను. రాయి వెతకమన్నారు, రాయి వెతికావు. ఇంటికొచ్చి, "ఈ రోజు ఒక్కటి కూడా మళ్లీ తీయాల్సిన పని పడలేదు నాయనా" అని సంతోషంగా చెప్పింది మాత్రం నాకు బాగా గుర్తుంది. నా కంటికి కట్టు ఉంది. నీ మొహం కనపడలేదు. అది ఏ రోజో తెలియదు, రోజూ అలాగే చెప్పేదానివి.

నిన్ను కూర్చోబెట్టింది నేను. పేరు నాది. అది నా దగ్గరే ఉండనీ. నీకు ఉద్యోగముంది, చిన్న బిడ్డ ఉంది. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఇది అడగడం కాదు, చెప్పడం.

సౌందరరాజన్

---

సారం,
డిసెంబరు 12

నాయనా,

మీ మాట వినలేదు. నిన్న సోలై నగర్ వెళ్లాను.

మూడు వారాలు మీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరిగాను. డ్యూటీలో ఏ స్కాన్ వచ్చినా ముందు ఆ నాళమే కొలుస్తున్నాను. అందరిదీ రెండు సెంటీమీటర్లే. ఆ పదహారో తేదీని గుర్తు తెచ్చుకోవాలని ఎంత తన్నుకున్నా రావడం లేదు. చంద్రన్ గారు ఆ రోజూ జోకులేసే ఉంటారు. నేను నవ్వే ఉంటాను. ఒక మనిషిని చంపిన రోజు నాకు మామూలు రోజులాగా కూడా గుర్తు లేదు.

విమల్ వల బాగు చేస్తున్నాడు. వాళ్లమ్మ చెంగమ్మ గారు నన్ను చూసి లేచి వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. అంతా చెప్పాను. కంటి ఆపరేషన్, పాస్‌వర్డ్, ఇరవై రోజులు, అన్నీ. ఆ స్కాన్ తీసింది నేను, మా నాయన కాదు అన్నాను. విమల్ వల పక్కన పెట్టలేదు కూడా.

"అప్పను కాపాడుకోను వచ్చినారు. నాకు అర్థమవతాది. నేనైనా అట్లే చేసుందును" అన్నాడు.

"కాదు విమల్, నిజం" అన్నాను.

"ఆ రాత్రి మా అప్ప కోసరం మీరు నాలుగు తూర్లు ఫోన్ చేసింది ఈ చెవులతో విన్యాను. డాక్టరు తిట్టినా విడిచిపెట్టలా. అట్లాంటి మనిషి కళ్లకు అది పడకుండా పోతాదా? ఆ ముసలోడే తప్పు ఒప్పుకున్నాడక్కా, నా మొహం చూసి. ఇంక మీరెందుకు అబద్ధం చెప్తారు?"

రుజువేమిటని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నా పేరు ఎక్కడా లేదు. మెషిన్‌లో మీరు, ఫిల్ము మూలన మీరు, వాళ్లు మీ మీద కోర్టులో వేసిన కంప్లెయింటులో మీరు. మీ ఉత్తరం తీసి అతని ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. మాట్లాడటమే తప్ప తెలుగు చదివేవాళ్లు ఆ వీధిలో లేరు. చదివి వినిపిస్తానన్నాను. "మీరే రాసి, మీరే చదవతారా" అని మెల్లగా మడిచి నా చేతిలో పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు.

నేను రాసిన ఆ సిగ్గు మాటకు మీ కాళ్లు పట్టుకోవాలి, పట్టుకోవడానికి వస్తాను. ఆదివారం వచ్చి వదినకూ మణికంఠన్ అన్నకూ మీ ముందే చెబుతాను. వాళ్లు కూడా నమ్మకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. లాయరు దగ్గరికి కూడా వెళ్లాను. కూతురు తండ్రి కోసం చెప్పే సాక్ష్యం ఎవరు నమ్ముతారమ్మా అని నవ్వాడు.

నేను లేచి వచ్చేస్తుంటే చెంగమ్మ గారు లోపలికి పిలిచి, ఉయ్యాల దగ్గర నిలబెట్టారు. పిల్ల పుట్టి పదహారు రోజులు. తాత పేరు పెడదామనుకున్నారట, ఆడపిల్ల పుట్టింది. "మా ఆయన ఉండుంటే ఆయనే పెట్టేటోడు. ఆయన కోసరం తన్నుకులాడిన బిడ్డ పేరు పెట్టినామమ్మా" అని, ఆ పిల్లను నా ఒళ్లో పెట్టి, నా పేరుతో పిలిచారు.

పిల్ల కళ్లు తెరిచింది. నేను పలకలేకపోయాను.

మీ కూతురు,
సుగంధి